పోస్ట్‌మార్టం మీటింగ్: ‘ఎందుకు’తో మొదలుపెట్టాలా, టైమ్‌లైన్‌తోనా?

ప్రాజెక్టు దెబ్బతిన్నాక పెట్టే మీటింగ్‌ని ప్రతి జవాబుకీ మళ్లీ ‘ఎందుకు?’ అని అడుగుతూ పోయే, టయోటా నుంచి వచ్చిన ‘ఐదు ఎందుకులు’ పద్ధతిలో నడపొచ్చు, లేదా ముందు టైమ్‌లైన్ రాసుకుని నడపొచ్చు. బెంగళూరులో మా టీమ్ ఒకే ఘటనకి రెండూ చేసింది.

ఒక రాత్రి టెస్ట్ సర్వర్‌లో తీసేయాల్సిన డేటాబేస్ టేబుల్, అసలు వాడకంలో ఉన్న ప్రొడక్షన్ సర్వర్‌లో ఎగిరిపోయింది. మొదటి మీటింగ్‌లో ‘ఎందుకు పోయింది?’ అంటే ‘కమాండ్ తప్పు చోట కొట్టాడు’ అన్నారు. ‘ఎందుకు కొట్టాడు?’ అంటే ‘చూసుకోలేదు’ అన్నారు. రెండో ప్రశ్నకే దారి మూసుకుపోయింది. ఆ కమాండ్ కొట్టిన కుర్రాడు తల దించుకుని కూర్చున్నాడు, ఇక నోరు విప్పలేదు. అసలు సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

మర్నాడు లాగ్‌లు చూసి బోర్డు మీద టైములు రాశాం. “తమ్ముడూ, 11:40కి నీ స్క్రీన్ మీద ఏం కనిపించింది?” అని అడిగాను.

“రెండు విండోలన్నా. రెండూ నల్లగానే ఉన్నాయి, రెండింట్లోనూ ప్రాంప్ట్ ఒకటే.”

ఆ ఒక్క మాటతో గది మారిపోయింది. రోజువారీ అకౌంట్‌కి ప్రొడక్షన్‌లో టేబుల్ తీసేసే అనుమతి ఎందుకుందని ఇంకొకరు అడిగారు. ప్రొడక్షన్ ప్రాంప్ట్‌కి ఎర్ర రంగు, ఆ అనుమతి తొలగింపు: రెండు పనులకీ పేరు, తేదీ రాసుకున్నాం.

టైమ్‌లైన్‌కి గంటన్నర పట్టింది. కారణం ఒకే దారిలో సాగే చిన్న తప్పుకి ‘ఎందుకు’ చాలు. కానీ జవాబులో మనిషి పేరు వచ్చిందంటే, వెంటనే ఆపి ‘అప్పుడు అతనికి ఏం కనిపించింది?’ అని అడగాలి.