చాట్ తగ్గించి మెయిళ్లు రాసుకోవడం: కొన్నేళ్ల వాడకం తర్వాత

నేనూ నా స్నేహితురాలూ పెద్ద విషయాలను చాట్‌లో మాట్లాడుకోవడం మానేసి కొన్నేళ్లయింది. "బయల్దేరావా?" లాంటివి ఇప్పటికీ చాట్‌లోనే. ఆలోచించి చెప్పాల్సినవన్నీ మెయిల్లో.

తేడా ఎక్కడుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకసారి తను చాట్‌లో "ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అంది. తను తర్వాతి వాక్యం టైప్ చేస్తుండగానే "మరి జీతం?" అని నేను అడిగాను. తను దానికి జవాబివ్వడంతో మాట పొదుపు మీదికి, అక్కడినుంచి ఇంటి అప్పు మీదికి వెళ్లింది. అసలు చెప్పాలనుకున్నది అలాగే ఉండిపోయింది. చాట్‌లో మనం ఎదుటివాళ్ల మొదటి వాక్యానికే జవాబిస్తాం, వాళ్ల ఆలోచన అప్పటికి సగంలో ఉంటుంది.

అదే సంగతి తను వారం తర్వాత మెయిల్లో రాసింది. మొదటి రెండు పేరాల్లో ఆఫీసు గొడవలే. మూడో పేరాలో మాత్రం, "అమ్మ నన్ను గుర్తుపట్టే రోజులు ఎన్ని మిగిలాయో తెలియదు" అని ఉంది. అంతా చదివాక గానీ జీతం ప్రశ్న ఎంత చిన్నదో నాకు అర్థం కాలేదు. ఆ రాత్రే జవాబు రాసి, పంపకుండా డ్రాఫ్ట్‌లో ఉంచాను. పొద్దున చదివితే సగం సలహాలే కనిపించాయి. అవి తీసేసి, ఆ మూడో పేరా గురించే రాశాను. ఉద్యోగం మానకుండా సెలవు పెట్టుకునే వీలుందా అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఉంచాను.

ఆలస్యం వల్ల వచ్చే బెంగ నిజమే. మెయిల్ పంపాక నిశ్శబ్దం ఉంటే కోపమేమో అనిపిస్తుంది. అందుకే "చదివాను, ఆదివారంలోగా రాస్తాను" అని ఒక ముక్క ముందే పంపుకుంటాం. అది లేకపోతే ఈ పద్ధతి మాకు నిలిచేది కాదు.

ఇంకో చిక్కు, ప్రతి వాక్యాన్నీ కోట్ చేసి కింద జవాబు రాయడం. అలా చేస్తే ఉత్తరం కాస్తా కోర్టు వాదనలా తయారై, రెండు మూడు విడతల్లోనే మోయలేనంత పొడుగవుతుంది. మేం రెండు విషయాలే ఎంచుకుని, మిగతావాటిని వదిలేస్తున్నామని చెప్పేస్తాం.

గొంతు లేకపోవడం అనే లోటును మాత్రం మెయిల్ తీర్చదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ వ్యంగ్యం మెయిల్లో అర్థమవుతుందని రాసినవాళ్లు నమ్మినంతగా చదివినవాళ్లకు అర్థం కాలేదు. అందుకే నేను మెయిల్లో ఎత్తిపొడుపు మాటలు రాయను, బాధ కలిగితే బాధ కలిగిందనే రాస్తాను. ఇద్దరిలో ఒకరికి రాయడమే భారమైతే మాత్రం దీన్ని సిఫారసు చేయను. వాళ్లకు తీరిగ్గా ఒక గంట ఫోన్లో మాట్లాడుకోవడమే నయం.