చీరల షాపు వెబ్‌సైట్: నాలుగేళ్ల వాడకం తర్వాత నా మాట

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతూ నాలుగేళ్లయింది. కోడింగ్ నాకు రాదు. మొదటి రెండేళ్లు హోస్టింగ్ కొనుక్కుని వర్డ్‌ప్రెస్ మీద షాపు ప్లగిన్ వూకామర్స్ నడిపాను. ఆ తర్వాత నెలనెలా అద్దె కట్టే షాపిఫైకి మారాను.

పేరు దగ్గరే చాలా రోజులు పోయాయి. ముందు "నేత" అనుకున్నాం. ఫోన్లో చెబితే ఒకరు neta అని, ఒకరు netha అని రాశారు. హిందీవాళ్లకైతే neta అంటే రాజకీయ నాయకుడు! "రాట్నం" అనుకుంటే ratnam అని రాసి రత్నం అని చదివారు. ఆఖరికి "మగ్గం" అని చెబితే ఎనిమిది మంది చుట్టాల్లో ఏడుగురు ఒకేలా రాశారు. ఆ మాట కలిసిన పేరే ఖాయం చేసి .com తీసుకున్నాం.

ఆ .com పేరుని, అంటే డొమైన్‌ని, సైట్ కట్టిన కుర్రాడు తన ఖాతాలోనే కొన్నాడు. తప్పు నాదే, అడగలేదు. రెన్యువల్ మెయిళ్లన్నీ అతనికి వెళ్లాయి, అతను చూసుకోలేదు. ఒకరోజు పొద్దున్న సైట్ లేదు. గడువు దాటి చాలా రోజులు కావడంతో మామూలు రెన్యువల్ కుదరలేదు, విడిపించుకోవడానికి అదనంగా కట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత దాన్ని నా మెయిల్, నా కార్డు ఉన్న ఖాతాకి మార్పించుకుని ఆటో రెన్యువల్ పెట్టాను.

సొంత సైట్ ఖర్చు తక్కువే. కానీ సంక్రాంతి ముందు ఒక ప్లగిన్ అప్‌డేట్ అయ్యాక కస్టమర్ల డబ్బు కట్ అవుతోంది, ఆర్డర్ మాత్రం Pending payment దగ్గరే ఆగుతోంది. డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే లెక్కనీ ఆర్డర్ల లెక్కనీ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తెలియలేదు. బ్యాకప్ చూస్తే మూడు వారాల పాతది. రెండు రోజుల టెన్షన్.

అద్దె స్టోరులో ఆ బాధ లేదు, ఖర్చు మాత్రం ఉంది. బయటి గేట్‌వే వాడినందుకు నా ప్లాన్‌లో షాపిఫైకి 2 శాతం పోతుంది. నెలకి లక్ష అమ్మితే అదే 2,000. గేట్‌వే వాళ్ల 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మరో 2,360. నెల అద్దె వేరే. ఒక్కో చీర మీద మార్జిన్ బాగా ఉంటుంది కాబట్టి నాకు గిట్టుబాటైంది. రెండొందల రూపాయల సరుకు అమ్మేవాళ్లు మాత్రం ముందు లెక్క వేసుకోవాలి.

షాపిఫైకి మారేటప్పుడు, డొమైన్ రికార్డులన్నీ ఎక్కడున్నాయో చెప్పే నేమ్‌సర్వర్లనే మార్చేయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేస్తే మెయిల్‌కి సంబంధించిన MX రికార్డులు కొత్తచోటికి వాటంతట అవి రావు, మెయిల్ ఆగిపోతుంది. నేను సైట్ ఎక్కడుందో చూపే A, CNAME రికార్డులు మాత్రమే మార్చాను. పాత లింకుల్లో /product/ ఉండేది, కొత్తవాటిలో /products/. వాట్సాప్‌లో పంపిన పాత లింకులు చావకుండా 240 చీరలకీ రీడైరెక్ట్ పెట్టడానికి ఒక ఆదివారం పట్టింది.

ఇప్పటికీ నెలకోసారి ప్రొడక్టుల జాబితాని CSV ఫైలుగా దింపుకుంటాను. అందులో ఫోటోల లింకులే వస్తాయి, ఫోటోలు రావు. అవి నా హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి.