బెంగళూరులో ఫ్లాటు కొన్నవారికి జాగ్రత్త: బిల్డరు పంపే సెటిల్మెంట్ అగ్రిమెంటులో మొత్తం, తేదీలు, క్లెయిములు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే సంతకం చేయండి

సర్జాపూర్ రోడ్డు వైపున్న మా ప్రాజెక్టులో పొజెషన్ ఆలస్యమైనందుకు వడ్డీ ఇప్పించమని కర్ణాటక స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో ఫిర్యాదు చేసిన కొనుగోలుదారులకు బిల్డరు తరఫు లీగల్ విభాగం ఒక్కొక్కరికీ రాజీ పత్రాలు పంపుతోంది. మా పక్క ఫ్లాటు దంపతులు అలాంటి పత్రం మీద సంతకం చేసి, ఇప్పుడు రావలసిన డబ్బు కోసమూ, గోడల చెమ్మ మరమ్మతు కోసమూ మళ్లీ ఉత్తరాలు రాసుకుంటున్నారు. ఉద్యోగరీత్యా ఇలాంటి ఒప్పందాలు చదివే పని నాది కనుక ఆ కాగితాలు తెచ్చి చూపించారు. మిగిలినవారికి కూడా దాదాపు అదే నమూనా వస్తోంది కాబట్టి, అందులో ఏమేమి పొసగడం లేదో వారి అనుమతితో, పేర్లు లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

2016 రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం ప్రాజెక్టులోనే కొనసాగదలచిన కొనుగోలుదారుకు ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ రావాలి. కర్ణాటక నిబంధనల్లో ఆ వడ్డీ రేటు స్టేట్ బ్యాంకు అప్పులకు ఆధార వడ్డీ రేటైన గరిష్ఠ ఎంసీఎల్‌ఆర్ మీద మరో 2 శాతం. ఆ లెక్కన వచ్చే మొత్తంలో కొంత వదులుకుని వీరు రాజీకి ఒప్పుకున్నారు. మొదట 6,30,000 దగ్గర ఆగిన బేరం చివరి ఫోనులో 6,40,000కి తెగింది. చిక్కంతా ఆ చివరి మార్పు దగ్గరే మొదలైంది. పత్రం మొదటి పేజీలో, అంటే ఇరుపక్షాల నేపథ్యం చెప్పే భాగంలో, కొత్త మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ సరిగానే ఉంది. వెనక జతచేసిన చెల్లింపుల షెడ్యూలు మాత్రం పాతదే మిగిలిపోయింది: 2,50,000, 2,00,000, 1,80,000. ఈ మూడూ కూడితే 6,30,000 అవుతుంది. షెడ్యూలు కింద ‘మొత్తం’ అనే వరసే లేదు గనుక తేడా చూపుకు ఆనలేదు. పైగా చెల్లింపు క్లాజు “సెటిల్మెంట్ మొత్తాన్ని షెడ్యూలులో చూపిన ప్రకారం చెల్లించాలి” అంటుంది. మిగతా 10,000 సంగతి అడిగితే ఆఫీసువారి జవాబు సూటిగా వచ్చింది: “షెడ్యూలులో ఉన్నదంతా ఇచ్చేశాం సార్, బాకీ ఏమీ లేదు.” పదివేల కోసం లాయరును పెట్టుకుంటే అంతకంటే ఎక్కువే ఖర్చవుతుందని వారికీ తెలుసు.

తేదీల్లో నష్టం ఇంతకంటే పెద్దది. మొదటి వాయిదా “అమలు తేదీ నుంచి 15 రోజుల్లోగా” చెల్లిస్తామని మూడవ క్లాజు చెబుతుంది. అమలు తేదీ అంటే ఇరుపక్షాల్లో చివరివారు సంతకం చేసిన రోజు అని నిర్వచనాల్లో రాశారు. షెడ్యూలులోనేమో జూన్ 10, జూలై 10, ఆగస్టు 10 అని క్యాలెండరు తేదీలు ఉన్నాయి. మా పొరుగువారు మే చివర్లో సంతకం చేసి పంపగా, బిల్డరు తరఫు అధికారి జూన్ 12న చేశాడు. అంటే ఒప్పందం అమల్లోకి రాకముందే మొదటి గడువు దాటిపోయింది. ఆ తేదీలు చెల్లవని, 15 రోజుల లెక్క జూన్ 12 నుంచి వేసుకోవాలని బిల్డరు వాదించాడు. రెండో వాయిదాకూ మూడో వాయిదాకూ రోజుల లెక్క పత్రంలో ఎక్కడా లేదు కనుక వాటిని తనకు వీలైనప్పుడు ఇచ్చాడు. వాయిదా తప్పితే వడ్డీ కట్టాలన్న క్లాజు ఒకటి ఉంది గాని, ఏ తేదీకి తప్పినట్టో తేలకపోతే దాన్ని ప్రయోగించేదెట్లా?

ఇక హక్కులు వదులుకునే రిలీజ్ క్లాజు. నా ఉద్దేశంలో అందరూ ఎక్కువసేపు చదవవలసింది దీన్నే, కాని ఇది తొమ్మిదో క్లాజుగా, అందరూ అలసిపోయే చోట ఉంటుంది. నేపథ్య భాగంలో వివాదాన్ని “2021 డిసెంబరు 31 నుంచి 2023 ఆగస్టు 31 వరకు పొజెషన్ ఆలస్యానికి వడ్డీ” అని చక్కగా వర్ణించారు. రిలీజ్ దగ్గరికి వచ్చేసరికి అది “ఫ్లాటుకు, ప్రాజెక్టుకు సంబంధించి ఇప్పుడున్న, ఇకముందు తలెత్తగల సమస్త క్లెయిములు” అయింది. పొజెషన్ తేదీ నుంచి 5 ఏళ్లలోపు బయటపడే కట్టడపు లోపాలను ఉచితంగా సరిచేయాలని అదే చట్టం 14వ సెక్షన్ మూడవ ఉపవిభాగం చెబుతుంది. ఇప్పుడు పడకగది గోడ చెమ్మగిల్లుతోందని రాస్తే, మీరు అన్ని క్లెయిములూ వదులుకున్నారు కదా అని జవాబు వచ్చింది. చట్టం ఇచ్చిన హక్కును ఇలా రాయించుకుంటే చెల్లుతుందా అన్నది వేరే వాదన. ఆ వాదన చేయవలసిన దుస్థితి మాత్రం ఈ ఒక్క వాక్యం వల్లే వచ్చింది. దీనికి తోడు రిలీజ్ “మొదటి వాయిదా అందగానే” అమల్లోకి వస్తుందని ఒకచోట, “పూర్తి మొత్తం అందిన తర్వాత” అని మరోచోట రాసి ఉంది. రెరా ఫిర్యాదును సంతకమైన 7 రోజుల్లో ఉపసంహరించుకోవాలని ఇంకో క్లాజు చెబుతోంది. డబ్బు చేతికి రాకముందే ఫిర్యాదు పోతే, ఒత్తిడి పెట్టడానికి మన దగ్గర మిగిలేదేమిటి?

మీకు పత్రం వస్తే పైనుంచి కిందకి ఒకసారి చదివి సరిపెట్టవద్దు. ముందుగా వర్డ్ ఫైలు అడిగి తీసుకోండి. పాత ముసాయిదా పక్కన పెట్టి `Review` మెనూలోని `Compare` నొక్కితే చివరి విడతలో ఎక్కడ మార్చారో, అంతకంటే ముఖ్యంగా మార్చవలసి ఉండీ ఎక్కడ మార్చలేదో తెలుస్తుంది. తర్వాత ఒక కాగితం మీద క్లెయిము, మొత్తం, తేదీ అని మూడు గళ్లు గీసి, ఫైలులో `Rs`, `INR`, `lakh`, `days`, `date` అని వెతుకుతూ, కనబడిన ప్రతిదాన్నీ క్లాజు సంఖ్యతో సహా ఉన్నదున్నట్టు ఎక్కించండి. ఏది సరైనదో ఆ దశలో ఆలోచించకుండా, పత్రం ఏమంటోందో అదే రాయాలి. షెడ్యూలులోని వాయిదాలను మీ చేత్తో కూడండి. టీడీఎస్ కోసే ముందు మొత్తమా, కోసిన తర్వాత చేతికొచ్చేదా అన్నది కూడా అదే గడిలో రాయండి; 6,40,000 మీద 10 శాతం కోసినా 64,000 తగ్గుతుంది, ఆ సంగతి పత్రంలో ఒక్క మాట లేకపోతే తర్వాత తగువే.

మా ఫ్లాటు పత్రంలో నేను అడిగి మార్పించినవి ఇవి. మొత్తాన్ని ఒక్కచోటే అంకెల్లో, అక్షరాల్లో రాసి, మిగతా అన్నిచోట్లా “సెటిల్మెంట్ మొత్తం” అని మాత్రమే అనడం. షెడ్యూలు కింద కూడిక వరస చేర్చడం. వాయిదాలన్నిటికీ క్యాలెండరు తేదీలే ఉంచి, రోజుల లెక్క తీసేయడం. రిలీజ్‌ను నేపథ్యంలో చెప్పిన వడ్డీ క్లెయిముకే పరిమితం చేసి, 14వ సెక్షన్ కింది హక్కులు మినహాయింపు అని స్పష్టంగా రాయించి, అది చివరి వాయిదా ఖాతాలో జమ అయ్యాకే అమల్లోకి వచ్చేట్టు చూడడం. ఉపసంహరణకు బదులు, షరతులన్నీ రాసి ఇరుపక్షాలూ సంతకం చేసిన జాయింట్ మెమో రెరా ముందు దాఖలు చేసి, ఆ ప్రకారమే ఉత్తర్వు తీసుకుందామన్నాను. చెల్లింపు తప్పితే ఆ ఉత్తర్వు అమలు కోసం అక్కడికే వెళ్లవచ్చు. రిలీజ్ పరిమితి మీద కొంత గునిసినా, మిగిలినవాటికి లీగల్ విభాగం పెద్దగా అడ్డు చెప్పలేదు.

చివరి ప్రింటు మీద కలంతో దిద్దిన ప్రతిచోటా ఇరుపక్షాల పొట్టి సంతకాలు రెండు ప్రతుల్లోనూ పడాలి. మా పొరుగువారి ప్రతిలో ఫిర్యాదు సంఖ్య దిద్ది ఉంది, బిల్డరు ప్రతిలో దిద్దలేదు. ఈ వారంలో సంతకానికి పిలుపు వచ్చినవారు షెడ్యూలు పేజీ ఫొటో నాకు పంపితే కూడి చెబుతాను. ఫిర్యాదు సంఖ్య, బ్యాంకు వివరాలు కనబడకుండా మూసి పంపండి.