తడితేనే పనిచేసే బోర్డు: అన్ని జాయింట్లూ మళ్లీ కరిగించాలా, ముందు తప్పు తేల్చుకోవాలా?

ఇంట్లో తయారుచేసిన బోర్డు తడితేనే పనిచేస్తుంటే ఎక్కువమంది చేసే పని ఒకటే: ఐరన్ వేడిచేసి కనబడ్డ ప్రతి జాయింటునూ మళ్లీ కరిగించడం. రెండో దారి, ఐరన్ జోలికి పోకుండా ముందు పుల్లతో, వేలితో, మల్టీమీటరుతో తప్పెక్కడుందో తేల్చుకోవడం. చిన్న బోర్డయితే మొదటిదే త్వరగా అయిపోతుంది. అయినా రెండోదే మేలు. ఎందుకంటే మళ్లీ కరిగిస్తే డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోని జాయింటు, పోవడమే కాదు, డిజైన్ తప్పు కూడా కొన్నాళ్లు నయమైనట్టు కనబడుతుంది. అదెలాగో చివర్లో చూద్దాం.

ఉదాహరణకి చాలామంది మొదట చేసే సర్క్యూటే తీసుకుందాం: 9 వోల్టుల బ్యాటరీ, క్లాక్ పల్సులిచ్చే ఒక 555 ఐసీ, వాటిని లెక్కపెట్టే ఒక 4017 ఐసీ, వరసగా వెలిగే పది ఎల్ఈడీలు. బోర్డు ఆన్ చేస్తే ఒక్క ఎల్ఈడీ వెలిగి అలాగే ఉండిపోతుంది. బోర్డు మీద వేలితో కొడితే పరుగు మొదలవుతుంది.

వేలితో కొట్టినప్పుడు బోర్డుకి ఒకేసారి రెండు అందుతున్నాయి. ఒకటి దెబ్బ, దానివల్ల బోర్డు కాస్త వంగుతుంది. రెండోది మన ఒంట్లోంచి వచ్చే విద్యుత్ ప్రభావం. ఇంటి వైరింగ్ నుంచి మన శరీరం 50 హెర్ట్జ్ హమ్ అందుకుంటూనే ఉంటుంది, వేలు దగ్గరికి రాగానే అది ఎక్కడికీ కలపని పిన్‌లోకి దూరుతుంది. ఈ రెంటినీ విడదీస్తే సగం పని అయిపోయినట్టే.

దెబ్బ ఒక్కటే కావాలంటే ఎండిన వెదురు పుల్లతో నొక్కాలి. అగరుబత్తి కాలాక మిగిలే పుల్ల సరిపోతుంది. ప్లాస్టిక్ పెన్ను వద్దు. బట్టకి రాసుకుని ఛార్జ్ అయిన పెన్ను వేలిలాగే మోసం చేస్తుంది. పుల్లతో ఒక్కొక్క పిన్‌ను, ఒక్కొక్క రెసిస్టర్ కాలును మెల్లగా పక్కకి నెట్టి చూడండి. ఒకేచోట నెట్టినప్పుడల్లా పనిచేసి, వదలగానే ఆగిపోతే అక్కడి జాయింటో, ఐసీ సాకెట్టో, కాపర్ ట్రాక్‌లో వెంట్రుకంత చీలికో కారణం. ఇక విద్యుత్ ప్రభావం ఒక్కటే కావాలంటే బోర్డును కదపకుండా, నొక్కకుండా, వేలు కొనను ఐసీ పిన్‌లకి ఊరికే ఆనించాలి. దానికే స్పందిస్తే ఏదో ఇన్‌పుట్ గాలిలో వేలాడుతున్నట్టే. ఇది బ్యాటరీతో నడిచే బోర్డుకి మాత్రమే. కరెంటు ప్లగ్‌తో ఏ రకంగా కలిసి ఉన్న బోర్డు మీదా వేలు పెట్టకూడదు.

4017లో ఈ తేడా కళ్లకే కనబడుతుంది. దాని 13, 15 పిన్‌లు రెండూ గ్రౌండుకి కలపాలి. 15 గాలిలో ఉండి హై వైపు జారితే చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది, 3వ పిన్ మీది మొదటి ఎల్ఈడీ ఒక్కటే వెలుగుతుంది. 13 జారితే పరుగు ఎక్కడికక్కడే ఆగుతుంది. అప్పుడు వేలు ఆనిస్తే ఎల్ఈడీలు 555 వేగంతో కాకుండా అంతకన్నా చాలా వేగంగా పరిగెత్తుతాయి. అది 50 హెర్ట్జ్ హమ్‌ని లెక్కపెట్టడమే. మామూలు డ్రై సోల్డర్ దగ్గర జాయింటు అతుక్కుంటే పరుగు సరైన వేగంతోనే సాగుతుంది.

ఇంతవరకూ తేలికే. చిక్కు ఎక్కడంటే, 15వ పిన్ గాలిలో ఉండటానికి రెండు కారణాలు ఉండొచ్చు. గీసిన డ్రాయింగులోనే దాన్ని గ్రౌండుకి కలపడం మర్చిపోయి ఉండొచ్చు, లేదా కలిపినా ఆ జాయింటు అతుక్కోకపోయి ఉండొచ్చు. రెండింటిలోనూ వేలికి స్పందన ఒకటే. ఇక్కడ ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ తేలుస్తుంది. దాని ఒక కాలును క్రొకడైల్ క్లిప్పుతో బ్యాటరీ మైనస్‌కి పట్టించి, రెండో కాలును మొదట ఐసీ కాలికే తాకించండి. సర్క్యూట్ సరిగ్గా నడిస్తే ఆ పిన్ వేలాడుతోందన్నమాట. తరువాత అదే కాలును ఆ పిన్ కింది కాపర్ ట్రాక్ మీద, జాయింటుకి కాస్త దూరంగా తాకించండి. ఐసీ కాలి దగ్గర నడిచి ట్రాక్ దగ్గర నడవకపోతే తప్పు ఆ రెంటి మధ్య ఉంది, అంటే జాయింటో సాకెట్టో. రెండుచోట్లా నడిస్తే ఆ ట్రాక్‌కే గ్రౌండ్ అందడం లేదు. అప్పుడు డ్రాయింగు తీసి చూడాలి: అందులోనే గీత లేకపోతే డిజైన్ తప్పు, ఉంటే బోర్డు మీద ట్రాక్ ఎక్కడో తెగింది.

మల్టీమీటరును నమ్మడంలోనూ జాగ్రత్త కావాలి. కంటిన్యుటీ బీప్ పదుల ఓమ్‌ల అడ్డున్నా మోగుతుంది, పైగా ప్రోబ్‌తో జాయింటునే నొక్కితే ఆ ఒత్తిడికే అది అతుక్కుంటుంది. అందుకే ఒక ప్రోబ్ ఐసీ కాలి మీద, రెండోది దూరంగా ట్రాక్ మీద పెట్టాలి. ఇంకా మంచిది, బోర్డు నడుస్తుండగా వోల్టేజ్ చూడటం. ఈ సర్క్యూట్‌లో ఎల్ఈడీల కరెంటు 4017లోకి 16వ పిన్ గుండానే వస్తుంది. బ్యాటరీ ప్లస్‌కి, ఆ పిన్‌కి మధ్య కొన్ని మిల్లీవోల్టులకి మించి తేడా ఉండకూడదు. 5 మిల్లీయాంపుల కరెంటుకి అర వోల్టు తేడా వచ్చిందంటే దారిలో ఎక్కడో 100 ఓమ్‌లు అడ్డున్నాయి. అది డిజైన్ కాదు, అతుకే.

16వ పిన్ జాయింటు పూర్తిగా విడిపోతే చిప్ ఆగిపోతుందనుకుంటాం, కానీ ఒక్కోసారి ఆగదు. 555 నుంచి వచ్చే క్లాక్ 14వ పిన్ లోపలి రక్షణ డయోడ్ గుండా చిప్‌కి కొంత కరెంటు ఇస్తుంది. ఎల్ఈడీ మసకగా, క్లాక్‌తోపాటే మిణుకుతుంది, లెక్క చెదురుతుంది. చూసినవాళ్లు ఎల్ఈడీ రెసిస్టర్ విలువ తప్పనుకుంటారు. 16వ పిన్ కాలి మీద 9 వోల్టులు లేవని మీటరు చూపితే అసలు సంగతి బయటపడుతుంది.

మీటరు మరో ఆనవాలు కూడా ఇస్తుంది. వోల్టేజ్ కొలవడానికి ఎర్ర ప్రోబ్ ఒక ఇన్‌పుట్ పిన్ మీద పెట్టగానే సర్క్యూట్ దానంతటదే బాగైతే, మీటరు లోపలి 10 మెగా ఓమ్‌లే ఆ పిన్‌ను గ్రౌండుకి లాగుతున్నాయి. అంటే ఆ పిన్ వేలాడుతోంది.

జాయింటు మెరుపును బట్టి తీర్పు చెప్పడం మాత్రం అంత నమ్మదగింది కాదు. తగరం, సీసం కలిసిన 60/40 సోల్డర్ మెరవాలి, సీసం లేనిదైతే మంచి జాయింటు కూడా కాస్త మసకగానే ఉంటుంది. పిన్ చుట్టూ సన్నని వలయంలా చీలిక ఉంటే అది నమ్మదగిన గుర్తు.

ఇప్పుడు మొదటి దారి ఎందుకు మోసం చేస్తుందో చూడండి. కరిగించినప్పుడు ఫ్లక్స్ బోర్డు మీద పాకుతుంది. పిన్ల మధ్య మిగిలిపోయిన ఆ మురికి, ముఖ్యంగా చెమ్మ పట్టినప్పుడు, పెద్ద రెసిస్టర్‌లా పనిచేసి వేలాడే పిన్‌ను గ్రౌండ్ వైపు లాగొచ్చు. బోర్డు బాగైందనుకుంటాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగాకో, ఎండాకాలం వచ్చాకో తప్పు తిరిగొస్తుంది. పుల్ల పరీక్షలో ఒకే జాయింటు దొరికితే మాత్రం ఆలోచించక్కర్లేదు, దాన్ని కరిగించడమే సరి. పాత సోల్డర్ పంపుతో లాగేసి, కొత్తగా ఫ్లక్స్ రాసి, 350 డిగ్రీల దగ్గర ఐరన్ కొనను పిన్‌కి, ప్యాడ్‌కి ఒకేసారి ఆనించి రెండు మూడు సెకన్లలో కొత్త సోల్డర్ ఇవ్వాలి. గట్టిపడేదాకా కాలు కదలకూడదు. తెగిన ట్రాక్ అయితే ఒట్టి సోల్డర్ ముద్ద చాలదు, మళ్లీ చీలుతుంది. కత్తిరించిన రెసిస్టర్ కాలు ముక్కను చీలికకు అడ్డంగా పెట్టి రెండువైపులా అతకాలి.

డిజైన్ తప్పని తేలితే 13, 15 పిన్‌లను చిన్న వైరుతో గ్రౌండుకి కలిపి, 4017 సప్లై పిన్‌ల పక్కనే 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ పెట్టండి. తరువాత ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పుల్ల పరీక్ష, వేలి పరీక్ష మళ్లీ చేయండి. రెంటికీ స్పందన లేకపోతేనే బోర్డును డబ్బాలో పెట్టి మూత బిగించండి.