“సీతాఫలం ఐస్‌క్రీమ్, 40 లీటర్లు మాత్రమే”: ముందే డబ్బు కట్టకండి

“ఈ సీజన్‌కు ఒకే బ్యాచ్. 40 లీటర్లు మాత్రమే. శనివారం సాయంత్రం ఉచితంగా రుచి చూడండి, అర లీటరు డబ్బా ముందే బుక్ చేసుకోండి.” హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి ఒక ఐస్‌క్రీమ్ పార్లర్ ఫొటో కింద రాసిన మాటలివి. వచ్చే శనివారానికి అదే ఫొటో మళ్లీ పెట్టారు కనుక ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 40 లీటర్లంటే అర లీటరు డబ్బాలు 80. రుచి చూపించడానికి వాడింది తీసేస్తే ఇంకా తక్కువే. పోయినసారి నేను వెళ్లినప్పుడు నాకిచ్చిన టోకెన్ 137. నా వెనుక వరుస అలాగే ఉంది, లోపలి నుంచి డబ్బాలు వస్తూనే ఉన్నాయి.

చెంచాతో రుచి చూపించినది మాత్రం అసలు సరుకే. రంగు కాస్త మాసిన తెలుపు, గుజ్జులోని సన్నని పలుకు నాలుకకు తగిలింది. ఇంటికి తెచ్చిన డబ్బాలో ఉన్నది నున్నటి తెల్లటి ముద్ద. వాసన ఘాటుగా ఉంది, తిన్నాక అంగిట్లో జిడ్డు మిగిలింది. సీతాఫలం గుజ్జు వేడి చేస్తే చేదెక్కుతుంది, గాలి తగిలితే రంగు మారుతుంది. అందుకే పాలు కాచి బాగా చల్లార్చాకే గుజ్జు కలపాలి. గింజలు తీయడం మరో యాతన. ఇంత పని ఉంది కాబట్టే “కొంచెమే చేశాం” అంటే ఎవరైనా నమ్ముతారు. ఎసెన్సుకు ఈ బాధలేవీ లేవు, ఎన్ని లీటర్లైనా చేయవచ్చు.

డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో “ఫ్రోజెన్ డెజర్ట్” అని ఉంది. పాల కొవ్వుకు బదులు నూనె వాడిన దానిని ఐస్‌క్రీమ్ అని అమ్మకూడదు కాబట్టి ఆ పేరు. పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నిబంధన. ఇందులో పామాయిల్ ముందు వరుసలో, సీతాఫలం గుజ్జు రంగులకు కాస్త ముందు కనిపించాయి. ఫ్రోజెన్ డెజర్ట్ తినకూడనిదేమీ కాదు. పేరు ఐస్‌క్రీమ్ అని చెప్పి, ధర కూడా దానిదే తీసుకోవడం నాకు నచ్చలేదు.

ఇంకో సంగతి. వాళ్లు అమ్మేది లీటర్లలో, గ్రాముల్లో కాదు. గాలి ఎక్కువ కొడితే అదే డబ్బా తక్కువ సరుకుతో నిండుతుంది. ఐస్‌క్రీమ్ లీటరుకు కనీసం 525 గ్రాములు తూగాలి, అంటే అర లీటరుకు 262.5 గ్రాములకు తగ్గకూడదు. ఖాళీ డబ్బా బరువు తీసేస్తే నాది 214 గ్రాములు.

అడిగితే “సీజన్ సరుకు వెనక్కి తీసుకోము” అన్నారు. వెళ్లేవారు గిన్నెలోది కాకుండా, అమ్మే డబ్బానే ఒకటి తెరిచి రుచి చూపించమనండి. ఒప్పుకోకపోతే డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టినవారు బిల్లు, డబ్బా అడుగు భాగం ఫొటో, ఆ ప్రకటన ఫొటో దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు ఇచ్చాను. ఆ ప్రకటన తీసేసేలోపు ఫొటో తీసుకోవడం మాత్రం ఆలస్యం చేయకండి.