బొమ్మలో లెక్కపెట్టాలా, సాంద్రతతో తేల్చాలా?

హన్మకొండ హాస్టల్ నుంచి మా తమ్ముడు ఘనస్థితి లెక్క ఒకటి ఫోటో తీసి పంపాడు. వెండి సాంద్రత 10.5 గ్రా/ఘన సెం.మీ., మోలార్ ద్రవ్యరాశి 108, వ్యాసార్థం 144 పికోమీటర్లు, పక్కన యూనిట్ సెల్ బొమ్మ. సెల్‌లో ఎన్ని పరమాణువులు, అంచు పొడవెంత?

మొదటి దారి బొమ్మలో లెక్కపెట్టడం. మూలల్లో 8 × 1/8 = 1, ముఖాల మీద 6 × 1/2 = 3, మొత్తం Z = 4. ఇక అంచు పొడవు a, మోలార్ ద్రవ్యరాశి M, సాంద్రత d, అవగాడ్రో సంఖ్య N అనుకుంటే

a³ = ZM/(dN) = 432/(10.5 × 6.022 × 10²³) = 6.83 × 10⁻²³

ఘనమూలం తీసే ముందు దీన్ని 68.3 × 10⁻²⁴ అని రాసుకోవాలి, ఘాతం మూడుతో భాగించబడాలి కదా. a = 4.09 × 10⁻⁸ సెం.మీ., అంటే 409 పికోమీటర్లు. త్వరగా అయిపోతుంది. కానీ జిరాక్స్‌లో నాలుగు ముఖాల చుక్కలు చెరిగిపోయి Z = 2 అనుకుంటే 324 వస్తుంది. అదీ నమ్మదగ్గ అంకెలాగే కనిపిస్తుంది, తప్పు బయటపడదు.

రెండో దారిలో వ్యాసార్థం r నుంచి a కట్టి, Z = da³N/M వేస్తాం. బీసీసీ, అంటే మూలలతో పాటు సెల్ మధ్యలో ఒక పరమాణువు ఉండే అమరిక, అనుకుంటే a = 4r/√3 = 333, Z సుమారు 2.15, రెండు రావాల్సింది, కుదరలేదు. మూలల్లో, ముఖాల మీద పరమాణువులుండే ఎఫ్‌సీసీకి a = 2√2r = 407, Z = 3.95, నాలుగుకు దగ్గరే. కాస్త పొడుగే అయినా, మసక ఫోటోకి నేను దీన్నే నమ్ముతాను. వ్యాసార్థం ఇవ్వకపోతే మాత్రం బొమ్మే దిక్కు.