అమ్మానాన్నల ఎత్తా, ఎదుగుదల చార్టా: పిల్లల ఎత్తుకు ఏ కొలత మేలు?

గాజువాకలో మా ఇంటి పై వాటాలో ఒక కుటుంబం ఉంటోంది. పలాస దగ్గరి ఊరి నుంచి మూడేళ్ళ కిందట వచ్చారు. అతను తాపీ పని చేస్తాడు. కూతురు ఊళ్ళోనే పుట్టింది, రెండేళ్ళు నిండేదాకా అక్కడే పెరిగింది. కొడుకు ఇక్కడికొచ్చాక పుట్టాడు. ఫిబ్రవరిలో అంగన్‌వాడీ టీచర్ ఇద్దరినీ కొలిచింది. అయిదేళ్ళు నిండిన అమ్మాయి 99 సెంటీమీటర్లు, రెండేళ్ళ పిల్లవాడు 86. అమ్మాయి వయసుకు తగ్గ ఎత్తు లేదని టీచర్ చెప్పింది. ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "అక్కా, మేమిద్దరం పొట్టివాళ్ళమే కదా, పిల్ల పొడుగు ఎలా అవుద్ది? దీనికి టెన్షన్ పడాలా?" అంది.

ఆ ప్రశ్నలోనే రెండు కొలతలున్నాయి. ఒకటి అమ్మానాన్నల ఎత్తు, ఇంకోటి టీచర్ చేతిలోని చార్టు.

మొదటిది డాక్టర్లు కూడా వాడే లెక్కే. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, వచ్చినదాన్ని సగం చేయాలి. పెద్దయ్యాక పిల్లలు సుమారుగా ఆ ఎత్తుకు వస్తారని అంచనా. ఎనిమిదిన్నర సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా మామూలే. వీళ్ళింట్లో తండ్రి 160, తల్లి 147. అమ్మాయికి లెక్క కడితే 147 వస్తుంది, అంటే అచ్చం అమ్మంత. ఈ లెక్క ప్రకారం పిల్లకు ఏ లోటూ లేదు.

చార్టు అలా ఒప్పుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ఆ చార్టు ప్రకారం అయిదేళ్ళ అమ్మాయి సగటు ఎత్తు 109 సెంటీమీటర్లు, అంతకు తగ్గితే వయసుకు తగ్గ ఎత్తు లేనట్టు లెక్కించే కింది గీత 100 దగ్గర ఉంటుంది. మన పిల్ల ఒక్క సెంటీమీటరు తేడాతో ఆ గీత కింద పడింది. పెద్ద పిల్లల కోసం అదే సంస్థ ఇచ్చిన చార్టులో 19 ఏళ్ళ అమ్మాయికి కింది గీత 150 దగ్గర ఉంది. అంటే మొదటి లెక్క ఈ పిల్లకు పెట్టిన గమ్యమే గీత కింద ఉంది. ఒక కొలత "సరిపోతుంది" అన్న చోటే ఇంకో కొలత "లోటు" అంటోంది.

ఏది నమ్మాలన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. అమ్మ 147 దగ్గర ఆగిపోవడం పుట్టుకతో వచ్చిన గుణమా, లేక ఆమె చిన్నతనం చేసిన పనా? దీనికి నాకు తెలిసినంతలో గట్టి జవాబు వలస కుటుంబాల పిల్లల్లోనే దొరుకుతుంది. గ్వాటెమాలా దేశపు మాయా జాతివాళ్ళు బాగా పొట్టిగా ఉంటారు. 1970ల చివరి నుంచి వాళ్ళలో చాలామంది అమెరికాకు వలస వెళ్ళారు. బ్యారీ బోగిన్ అనే మానవ శాస్త్రవేత్త బృందం 1999, 2000 సంవత్సరాల్లో అక్కడి మాయా పిల్లల్ని, 5 నుంచి 12 ఏళ్ళ మధ్యవాళ్ళని, కొలిచింది. గ్వాటెమాలాలోని మాయా పిల్లల కంటే వాళ్ళు సగటున పదకొండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఒక్క తరంలో జన్యువులు అంత మారవు. మారింది వాళ్ళు పెరిగిన చోటే.

పొడుగువాళ్ళే వలస వెళ్ళి ఉంటారేమో అని అడగొచ్చు. న్యాయమైన అనుమానమే. హ్యారీ షాపిరో అనే మానవ శాస్త్రవేత్త 1939లో ప్రచురించిన పరిశీలనలో దీనికి దారి చూపించాడు. హవాయికి వలస వెళ్ళిన జపనీయులను, జపాన్‌లోనే ఉండిపోయిన వాళ్ళ బంధువులను, హవాయిలో పుట్టిన వాళ్ళ పిల్లలను, మూడు గుంపులనూ కొలిచాడు. వలస వెళ్ళినవాళ్ళు బంధువుల కంటే కొంత తేడాగా ఉన్న మాట నిజమే. కానీ హవాయిలో పుట్టిన పిల్లలు ఆ వలస వెళ్ళినవాళ్ళ కంటే కూడా పొడుగయ్యారు. ఎవరు వెళ్ళారన్నదాంతో రెండో తేడా రాదు.

మాయా పిల్లల కొలతల్లో నన్ను ఆపేసింది ఇంకో అంకె. పెరిగిన పదకొండున్నరలో దాదాపు ఏడు సెంటీమీటర్లు కాళ్ళలోనే ఉన్నాయి. కూర్చున్నప్పటి ఎత్తును నిలబడినప్పటి ఎత్తులోంచి తీసేస్తే కాళ్ళ పొడవు తెలుస్తుంది. చిన్నతనంలో మొండెం కంటే కాళ్ళు వేగంగా పెరుగుతాయి. అందుకే ఆ రోజుల్లో తిండి తగ్గినా జబ్బులు ఎక్కువైనా దెబ్బ ముందు కాళ్ళకే తగులుతుంది. బిడ్డ మొదటి ఏడాది సుమారు 25, రెండో ఏడాది సుమారు 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. నాలుగేళ్ళు దాటాక ఏడాదికి 5, 6 మాత్రమే. మొదట్లో పోయినదాన్ని తర్వాత రాబట్టడం ఎందుకు కష్టమో ఈ అంకెల్లోనే ఉంది.

పై వాటా తల్లిని పిల్ల మొదటి రెండేళ్ళ గురించి అడిగాను. నుయ్యి నీళ్ళు, కాచేవాళ్ళు కాదు. వానాకాలం పొడుగునా విరేచనాలు. తగ్గాక కూడా వారం రోజులు గంజి తప్ప ఏదీ పెట్టనిచ్చేవారు కాదట. కడుపుతో ఉండగా జీడిపిక్కల పనికి తొమ్మిదో నెల దాకా వెళ్ళిందట. కొడుకు కడుపులో ఉన్నప్పుడు పని మానేసింది, అంగన్‌వాడీలో గుడ్డు, పాలు తీసుకుంది, ఇక్కడ కాచిన నీళ్ళే వాడింది. రెండేళ్ళ అబ్బాయి సగటు 87 చిల్లర. వీడు 86. అమ్మానాన్నల ఎత్తును బట్టి వేసే అంచనా కంటే వీడు చాలా పైన నడుస్తున్నాడు. ఒక్క ఇంటిని చూసి రుజువైపోయిందని నేను అనను, అక్కాతమ్ముళ్ళ మధ్య తేడాకు వేరే కారణాలూ ఉండొచ్చు. పట్నం అనే పేరుకు మహిమ ఏమీ లేదు. కొండవాలు బస్తీలో కుళాయి దగ్గర మురుగు పారుతుంటే అక్కడ పుట్టిన పిల్లకూ ఇదే గతి.

కాబట్టి అయిదేళ్ళలోపు పిల్లలకు నేను చార్టు వైపే ఉంటాను. దాన్ని ఏ ఒక్క దేశపు పిల్లల్ని చూసి గీయలేదు. బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో తల్లిపాలు తాగి, మంచి వసతుల్లో పెరిగిన పిల్లల్ని కొలిచారు. ఆ ఆరు చోట్లా పిల్లలు దాదాపు ఒకే తీరున పెరిగారు.

అమ్మానాన్నల లెక్కను పారేయమని కాదు. అది ఒక వైపే పనికొస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పొడుగువాళ్ళై, పిల్ల చార్టులో గీత పైనే ఉన్నా వాళ్ళ అంచనాకు బాగా కిందుంటే, ఆ లెక్క హెచ్చరిక చేస్తుంది, డాక్టర్‌కి చూపించాలి. తల్లిదండ్రులే లేమిలో పెరిగినప్పుడు మాత్రం అది వాళ్ళ లేమిని పిల్ల గుణంగా చూపించి ధైర్యం చెబుతుంది. ఆ ధైర్యాన్ని నమ్మకూడదు.

చార్టుకూ హద్దులున్నాయి. పొట్టి తల్లికి చిన్న బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ, అందుకని లోటు ఒక్క తరంలో పూర్తిగా తీరకపోవచ్చు. గీత అందుకోవాలని బిస్కట్లు, తీపి పొడులు కుక్కితే ఎత్తు రాదు, బరువే వస్తుంది. అమెరికాలోని మాయా పిల్లల్లోనూ ఎత్తుతో పాటు ఊబకాయం బాగా పెరిగింది. కొలవడంలో పొరపాటు ఇంకా సులువు. ఫిబ్రవరిలో టీచర్ మొదట కొలిచినప్పుడు అమ్మాయి 101 వచ్చింది. నడినెత్తిన ముడి ఉంది. ముడి విప్పి, మడమలు గోడకు ఆనించి, అట్టను నెత్తి మీద సమంగా పెట్టి కొలిస్తే 99. ఆ ముడి విప్పకపోతే పిల్ల గీత పైనే ఉందనుకునేవాళ్ళం.

ఆగస్టులో మళ్ళీ అదే గోడ దగ్గర, జుట్టు విప్పే కొలిచాం. 102 వచ్చింది. ఆర్నెల్లలో 3 సెంటీమీటర్లు, అంటే ఆ వయసుకు తగిన వేగమే. లోటు ఇంకా తీరలేదు గాని పెరగనూ లేదు. మళ్ళీ ఫిబ్రవరిలో కొలవాలని తల్లి గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసుకుంది.